“గణనీయమైన తేడా” అంటే పెద్ద తేడా అనేనా?

ప్రశ్న: ఒక కొత్త మందుతో గణనీయమైన ప్రయోజనం కనిపించిందని వార్తలో చదివాను. ఆసక్తి కొద్దీ అసలు పరిశోధన పత్రం తెరిచి చూస్తే తేడా చాలా చిన్నది. అబద్ధం రాశారా, నాకే అర్థం కాలేదా? థియరీ, ఎనర్జీ లాంటి మాటలతో కూడా నాకు ఇదే తికమక. ఏది మామూలు అర్థమో, ఏది సైన్స్ అర్థమో ఎలా పోల్చుకోవాలి?

జవాబు:

అబద్ధం రాసి ఉండకపోవచ్చు. మీకు అర్థం కాకపోవడమూ కాదు. పత్రంలో సిగ్నిఫికెంట్ అని ఉన్న ఇంగ్లిష్ మాటే వార్తలో గణనీయం అయింది. కానీ పత్రంలోని సిగ్నిఫికెంట్ ఒక ప్రశ్నకు జవాబు, వార్తలోని గణనీయం ఇంకో ప్రశ్నకు జవాబు. మనం మాటల్లో గణనీయం అన్నామంటే “తేడా ఎంత?” అని ఎవరో అడిగినట్టు, “బాగానే ఉంది” అని మనం చెప్పినట్టు. పరిశోధకుడు సిగ్నిఫికెంట్ అని రాసినప్పుడు ఆయన చెప్పేది ఒక్కటే: ఈ తేడా ఏదో అలా కాకతాళీయంగా వచ్చిందని తోసిపుచ్చడం కష్టం. తేడా పెద్దదా చిన్నదా అన్న సంగతి ఆ మాటలో లేనే లేదు. దాన్ని పక్కన ఉన్న అంకెల్లో వెతుక్కోవాలి.

వైద్య పరిశోధనలకు గణాంకాల లెక్కలు చేసిపెట్టడం నా వృత్తి. మీరు అడిగిన మూడు మాటల్లో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఇదొక్కటే. ఎనర్జీని తప్పుగా వాడితే ఎవరికీ పెద్దగా నష్టం లేదు. థియరీని తప్పుగా వాడితే వాదన మొదలవుతుంది, ఆ వాదనలో తప్పు బయటపడుతుంది. సిగ్నిఫికెంట్ అలా కాదు. రెండు అర్థాలూ ఒకే వాక్యంలో చక్కగా ఇమిడిపోతాయి. చదివినవాడికి అనుమానమే రాదు. మీకు వచ్చిందంటే మీరు పట్టిక దాకా వెళ్లారు కాబట్టి. అందుకే ఎక్కువ భాగం దీని మీదే చెబుతాను.

ఒక లెక్క చేసి చూద్దాం. అంకెలు నేను వేసుకున్నవే, కానీ అసలు పరిశోధనల్లో కనిపించే రకం అంకెలే.

బీపీ తగ్గించే మందును పరీక్షిస్తున్నారు. కొందరికి మందు, కొందరికి మందులాగే కనిపించే ఉత్త బిళ్ల ఇస్తారు. ఎవరికి ఏది అన్నది చీటీ వేసినట్టు తేలుస్తారు. కొన్ని వారాల తర్వాత రెండు గుంపుల సగటు బీపీని పోలుస్తారు. ఇక్కడే అసలు చిక్కు. మందు ఏమీ చేయకపోయినా రెండు సగటులూ అచ్చంగా ఒకటే రావు. మనుషుల బీపీలు ఒకరిది ఒకలా ఉండవు. బీపీ కొలతలోని పై అంకెలో మనిషికీ మనిషికీ తేడా మామూలుగా 15 పాయింట్ల వరకు ఉంటుందనుకుందాం. చీటీలో ఎక్కువ బీపీ ఉన్నవాళ్లు ఒక వైపు కాస్త ఎక్కువగా పడితే, ఆ గుంపు సగటు దానంతట అదే పైకి జరుగుతుంది. కాబట్టి మనకు కనిపించిన తేడా మందు వల్ల వచ్చిందా, చీటీల వల్ల వచ్చిందా అని అడగాలి. సిగ్నిఫికెన్స్ పరీక్ష చేసే పని అంతే.

చీటీల వల్ల సగటులు ఎంత ఊగుతాయన్నది మనుషుల సంఖ్య మీద ఆధారపడుతుంది. గుంపుకు 50 మంది ఉంటే, రెండు సగటుల మధ్య తేడా ఉత్తినే ఓ 3 పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది. గుంపుకు 5,000 మంది ఉంటే ఆ ఊగులాట 0.3 పాయింటుకు పడిపోతుంది. మనుషులు వంద రెట్లు పెరిగితే ఊగులాట పదో వంతు అవుతుందన్నమాట. ఇక స్థూలమైన నియమం ఏమిటంటే, కనిపించిన తేడా ఈ ఊగులాటకు దాదాపు రెండు రెట్లు దాటితే దాన్ని సిగ్నిఫికెంట్ అంటారు.

ఇప్పుడు రెండు మందులు తీసుకుందాం. మొదటిదాన్ని గుంపుకు 5,000 మంది చొప్పున పరీక్షించారు. సగటు బీపీ 1 పాయింటు తగ్గింది. ఊగులాట 0.3 కాబట్టి, తేడా దానికి మూడు రెట్ల పైనే. మందు ఏమీ చేయకపోతే ఇంత తేడా కనిపించే అవకాశం వెయ్యిలో ఒకటి కన్నా తక్కువ. పత్రంలో “సిగ్నిఫికెంట్” అని ధీమాగా రాస్తారు. అది నిజం కూడా. కానీ ఒక్క పాయింటు తగ్గుదల మీ బీపీ మిషన్‌లో రెండుసార్లు చూసుకుంటే వచ్చే తేడా కన్నా చిన్నది.

రెండో మందుకు అంత డబ్బు లేదు. గుంపుకు 50 మందితో సరిపెట్టారు. సగటు బీపీ 5 పాయింట్లు తగ్గింది. అది నిజమే అయితే డాక్టర్లు పట్టించుకోవాల్సినంత తగ్గుదల. కానీ ఊగులాట 3 పాయింట్లు. తేడా దానికి రెండు రెట్లు దాటలేదు. మందు ఏమీ చేయకపోయినా ఇలాంటి తేడా దాదాపు పదిసార్లలో ఒకసారి వస్తుంది. పత్రంలో “సిగ్నిఫికెంట్ కాదు” అని రాస్తారు.

ఈ రెండూ వార్తలైతే ఎలా ఉంటాయో ఊహించుకోండి. మొదటిది “గణనీయంగా తగ్గిన బీపీ”. రెండోది “ఫలితం చూపని మందు”. పత్రాల్లో ఒక్క అక్షరం తప్పు లేదు, వార్తలు రెండూ తలకిందులు. ఒక పాయింటు తగ్గించిన మందుకు పొగడ్త, ఐదు పాయింట్లు తగ్గించి ఉండవచ్చన్న మందుకు కొట్టివేత.

మొదటి మందు పెద్ద సంఖ్య వల్ల గట్టెక్కింది. ఎక్కువమందిని చేర్చడం భూతద్దం పెట్టుకుని చూడటం లాంటిది. ఎంత చిన్న తేడా అయినా కనిపిస్తుంది, కానీ కనిపించినంత మాత్రాన అది పెద్దదైపోదు. అందుకే లక్షల మంది రికార్డులు తీసుకుని చేసే అధ్యయనాల్లో సిగ్నిఫికెంట్ అన్న మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను. అక్కడ దాదాపు ఏది పోల్చినా సిగ్నిఫికెంటే అవుతుంది.

అసలు ఉదాహరణ ఒకటి చెబుతాను, ఎందుకంటే పై లెక్క చూసి “ఇలా ఎక్కడైనా జరుగుతుందా” అనే అవకాశం ఉంది. ముదిరిన పాంక్రియాస్ క్యాన్సర్‌కు జెమ్‌సిటాబిన్ అనే మందు ఇస్తారు. దానికి ఎర్లోటినిబ్ అనే ఇంకో మందు కలిపితే మేలా అని 569 మంది మీద పరీక్షించి, 2007లో పూర్తి ఫలితాలు ప్రచురించారు. కలిపి ఇచ్చినవాళ్లు ఎక్కువకాలం బతికారు, తేడా గణాంకపరంగా సిగ్నిఫికెంట్. ఇంతవరకు వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఇక అంకెలు చూడండి. పాత మందు ఒక్కటే తీసుకున్న గుంపులో సగంమంది బతికి ఉన్న కాలం 5.91 నెలలు. రెండూ తీసుకున్న గుంపులో 6.24 నెలలు. తేడా నెలలో మూడో వంతు, అంటే సుమారు పది రోజులు. కొత్త మందు కలిపినవాళ్లలో ఒంటి మీద దద్దుర్లు, విరేచనాలు ఎక్కువ.

ఇక్కడ న్యాయంగా ఇంకో అంకె కూడా చెప్పాలి. ఏడాది తర్వాత బతికి ఉన్నవాళ్లు పాత మందు ఒక్కటే తీసుకున్న గుంపులో నూటికి 17 మంది, రెండూ తీసుకున్న గుంపులో 23 మంది. పది రోజులు అన్నప్పుడు కలిగే అభిప్రాయం వేరు, నూటికి ఆరుగురు అన్నప్పుడు వేరు. రెండూ ఒకే పరీక్షలోంచి వచ్చినవే. ఈ మందు వాడొచ్చా లేదా అన్నది రోగి, డాక్టరు కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. దుష్ప్రభావాలు, ఖర్చు, మనిషికి ఏది ముఖ్యం అన్నవన్నీ అందులోకి వస్తాయి. సిగ్నిఫికెంట్ అన్న ఒక్క మాట మాత్రం ఆ నిర్ణయంలో ఎందుకూ పనికిరాదు. అది “ఈ తేడా ఉందని నమ్మొచ్చు” అనే దగ్గరే ఆగిపోతుంది.

మరి ఇంత తికమక పెట్టే మాటను ఎందుకు ఎంచుకున్నారని మీకు అనిపించవచ్చు. ఆ కాలానికి అది తికమక మాట కాదు. 1885లో ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త రెండు సగటుల మధ్య తేడా దేన్నైనా సూచిస్తోందా, లేక ఉత్త యాదృచ్ఛికమా అని అడిగే సందర్భంలో ఈ మాట వాడాడు. సిగ్నిఫికెంట్ అంటే అప్పుడు “ఏదో ఒకదాన్ని సూచించేది” అని. ముఖ్యమైనది అని కాదు. తర్వాత 1925లో రొనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త తన పుస్తకంలో, అసలు తేడా ఏమీ లేకపోయినా అంత తేడా కనిపించే అవకాశానికి ఇరవైలో ఒకటి, అంటే 0.05 అనే హద్దును వీలుగా ఉంటుందని సూచించాడు. నేను పైన చెప్పిన “ఊగులాటకు రెండు రెట్లు” అక్కడి నుంచి వచ్చిందే, కచ్చితంగా చెప్పాలంటే 1.96 రెట్లు. ఆ వీలు కాస్తా కాలక్రమంలో చట్టంలా తయారైంది. 0.049 వస్తే పండగ, 0.051 వస్తే ఏడుపు. ఆ రెండు అంకెల మధ్య సాక్ష్యంలో తేడా దాదాపు సున్నా.

ఈ హద్దు అన్ని రంగాల్లో ఒకటే అనుకోకండి. కణ భౌతికశాస్త్రంలో కొత్త కణం దొరికిందని ప్రకటించాలంటే ఊగులాటకు ఐదు రెట్లు దాటాలి. ఏమీ లేకపోయినా అంత సంకేతం రావడానికి అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి. 2012లో హిగ్స్ బోసాన్ ప్రకటన ఈ హద్దు దాటాకే వచ్చింది. అంటే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇది నిలబడే ఫలితమేనని చెప్పినా, ఒకరిది ఇరవైలో ఒకటి, ఇంకొకరిది లక్షల్లో ఒకటి కావచ్చు.

“సిగ్నిఫికెంట్ కాదు” అంటే “తేడా లేదు” అని కాదు. నా దగ్గరకు వచ్చే డాక్టర్లతో నేను ఎక్కువగా వాదించేది దీని మీదే. ఒకాయన చిన్న అధ్యయనం చేసి, ఫలితం హద్దు దాటలేదని, “మందు పనిచేయదు అని ముగింపులో రాసేద్దామండీ” అన్నారు. నేను ఆయన్ని పై రెండో మందులాంటి లెక్కే చూపించి ఆపాను. గుంపుకు 50 మంది, తేడా 5 పాయింట్లు, ఊగులాట 3 అన్నప్పుడు, అసలు ప్రభావం ఎంత ఉండొచ్చో ఒక పరిధి కడతారు. అది దాదాపు 1 పాయింటు పెంచడం నుంచి 11 పాయింట్లు తగ్గించడం దాకా ఉంటుంది. అంత వెడల్పాటి పరిధిలో ఏమీ చేయని మందూ ఉంది, అద్భుతమైన మందూ ఉంది. పనిచేయదని చెప్పే హక్కు ఆ అధ్యయనానికి లేదు, పనిచేస్తుందని చెప్పే హక్కూ లేదు. “మా దగ్గర ఉన్న మనుషులతో తేల్చలేకపోయాం” అన్నదే నిజాయతీ గల వాక్యం. కానీ అలా రాస్తే పత్రిక వేసుకోదేమోనని ఎవరికైనా టెన్షనే.

మొదటి మందుకూ అదే పరిధి కట్టండి. 0.4 నుంచి 1.6 పాయింట్ల తగ్గుదల. ఇది సన్నగా ఉంది, సున్నాను తాకడం లేదు. అంటే ప్రభావం ఉందన్నది దాదాపు ఖాయం, అది చిన్నదన్నదీ అంతే ఖాయం. చూశారా, ఈ పరిధి ఒక్కటి చూస్తే సిగ్నిఫికెంట్ అన్న మాటతో పనే లేకుండా రెండు మందుల కథా తెలిసిపోయింది. పత్రాల్లో దీన్ని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అంటారు. మీరు పత్రం తెరిచినప్పుడు ముందు వెతకాల్సింది దాన్ని.

ఇంకో పొరపాటు చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ. “హద్దు 0.05 కాబట్టి, సిగ్నిఫికెంట్ అంటే ఫలితం నిజమయ్యే అవకాశం 95 శాతం” అనుకుంటారు. అలా కాదు. పి-విలువ అనే ఆ అంకె, మందు ఏమీ చేయదని ముందే అనుకుని, అప్పుడు ఇంత తేడా గానీ ఇంకా ఎక్కువ గానీ కనిపించే అవకాశం ఎంత అని చెబుతుంది. దాన్ని తిరగేసి, ఇంత తేడా కనిపించింది కాబట్టి మందు పనిచేసే అవకాశం ఇంత అని చదవకూడదు.

తిరగేస్తే ఎంత తేడా వస్తుందో చూడండి. వెయ్యి కొత్త మందులు పరీక్షించారనుకుందాం. వాటిలో నిజంగా పనిచేసేవి వందే. పనిచేసే మందును పట్టుకునే సత్తా మన పరీక్షకు 80 శాతం ఉందనుకుంటే, 80 మందులు సిగ్నిఫికెంట్‌గా తేలతాయి. మిగతా 900 మందులు దండగ. కానీ ఇరవైలో ఒకటి చొప్పున వాటిలో కూడా 45 హద్దు దాటేస్తాయి. మొత్తం 125 సిగ్నిఫికెంట్ ఫలితాలు, అందులో 45 ఉత్తివి. అంటే మూడింట ఒకటి కన్నా ఎక్కువే తప్పు. వందకు బదులు ఐదు వందల మందులు పనిచేసేవి అయ్యుంటే ఉత్తివాటి వాటా నూటికి ఆరుకు పడిపోయేది. పి-విలువ హద్దు మారలేదు, పరీక్షించిన ఆలోచనల నాణ్యత మారింది. అందుకే ముందునుంచీ ఏ ఆధారమూ లేని వింత విషయం మీద ఒక్క సిగ్నిఫికెంట్ ఫలితం వచ్చిందంటే నేను రెండో అధ్యయనం వచ్చేదాకా ఆగుతాను.

ఇవన్నీ నా సొంత గోల కాదు. అమెరికన్ గణాంక సంఘం 2016లో పి-విలువల మీద ఒక ప్రకటన విడుదల చేసి, ప్రభావం ఎంత పెద్దదో, ఫలితం ఎంత ముఖ్యమైనదో పి-విలువ కొలవదని అందులో స్పష్టంగా రాసింది. 2019లో ఇంకొందరు గణాంక నిపుణులు ఈ మాటనే వదిలేద్దామని పిలుపునిచ్చారు, ఎనిమిది వందల మందికి పైగా సంతకాలు చేశారు. వదిలేయాలన్నంత కోపం నాకు లేదు గానీ, వార్తల్లోకి వెళ్లే సారాంశంలో ఆ మాట ఒంటరిగా, అంకె తోడు లేకుండా కనిపించకూడదన్నది నా పట్టుదల.

థియరీ సంగతికొస్తే, మన తికమక కాస్త వేరు. “అది ఉత్త థియరీ” అన్నప్పుడు మనం రెండు రకాలుగా అంటాం. ఒకటి, పరీక్షల్లో థియరీ, ప్రాక్టికల్ అని విడగొట్టినట్టు: “థియరీ బాగానే ఉంది, ఆచరణలో కుదరదు”. రెండోది, ఊహ అని: “ఆయన ఆలస్యంగా రావడం మీద నాకో థియరీ ఉంది”. సైన్స్‌లో ఈ రెండోదాన్ని పరికల్పన అంటారు. థియరీ అంటే అనేక పరిశీలనలను ఒకే వివరణ కిందకు తెచ్చి, ఇంకా చూడని విషయాలను కూడా ముందే చెప్పగలిగిన నిర్మాణం. సూక్ష్మజీవుల వల్ల రోగాలు వస్తాయన్నదీ థియరీయే. ఆ మాట విని చేతులు కడుక్కోవడం ఎవరూ మానరు కదా.

ఎక్కువమంది మనసులో ఒక నిచ్చెన ఉంటుంది. కింద ఊహ, మధ్యలో థియరీ, రుజువైతే పైన నియమం అని. ఆ నిచ్చెన లేదు. నియమం అంటే ఏం జరుగుతుందో, ఎంత జరుగుతుందో చెప్పే సూత్రం. థియరీ ఎందుకలా జరుగుతుందో చెబుతుంది. థియరీ ముదిరి నియమం అవదు. ఇందుకు గురుత్వాకర్షణే మంచి సాక్ష్యం. న్యూటన్‌ది నియమం, ఐన్‌స్టీన్ 1915లో ఇచ్చింది థియరీ. సూర్యుడి చుట్టూ బుధుడి కక్ష్య మెల్లగా తిరుగుతూ ఉంటుంది. అందులో న్యూటన్ నియమంతో లెక్కకు రాని భాగం శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు మిగిలిపోయేది. ఒక డిగ్రీలో 3,600 ఆర్క్ సెకన్లు ఉంటాయి కాబట్టి ఇది చాలా చిన్న కోణం. ఐన్‌స్టీన్ థియరీ ఆ 43ను సరిగ్గా ఇచ్చింది. పేరులో థియరీ అని ఉన్నదే ఇక్కడ ఎక్కువ కచ్చితమైనది.

శాస్త్రజ్ఞులు కూడా ఈ మాటను ఒకే తూకంతో వాడరని ఒప్పుకోవాలి. స్ట్రింగ్ థియరీ పేరులో థియరీ ఉంది, కానీ ప్రయోగంతో ఇంకా రుజువు కాలేదు. అక్కడ అది గణిత నిర్మాణం అనే అర్థంలో వాడిన మాట. కాబట్టి పేరు చూసి ఎంత నమ్మాలో తేల్చుకోవడం కుదరదు. ఏ ప్రయోగంలో ఏ అంకెను ముందే చెప్పింది, అది సరిపోయిందా అని అడగాలి.

ఎనర్జీ గురించి క్లుప్తంగా. ఫిజిక్స్‌లో ఎనర్జీ అంటే లెక్క కట్టగల ఒక పరిమాణం. రూపం మారుతుంది గానీ మొత్తం మారదు. ఒంట్లో ఎనర్జీ లేదు అన్నప్పుడు మనం చెప్పేది అలసట, చురుకుదనం లేకపోవడం. ఆ రెండూ ఎంత విడివిడి విషయాలో చక్కెర లేని ఎనర్జీ డ్రింక్ చూస్తే తెలుస్తుంది. సీసా మీద క్యాలరీలు దాదాపు సున్నా. క్యాలరీ అంటే ఎనర్జీ కొలత కాబట్టి, ఫిజిక్స్ లెక్కన అందులో ఎనర్జీ లేనట్టే. తాగితే మాత్రం మత్తు వదులుతుంది. మెదడులో అడినోసిన్ అనే పదార్థం అలసట సంకేతం ఇస్తుంటే, కెఫీన్ దాని చోటు ఆక్రమించి ఆ సంకేతాన్ని అడ్డుకుంటుంది. కొత్త శక్తి ఏమీ రాలేదు, అలసట కబురు అందలేదంతే.

“ఎనర్జీ వృథా చేయొద్దు” అన్నది కూడా ఫిజిక్స్ మాటగా చూస్తే విచిత్రమే, మొత్తం తగ్గనే తగ్గదు కాబట్టి. గదిలో ఫ్యాను తిప్పిన కరెంటు చివరకు గాలిలో, గోడల్లో వేడిగా చేరుతుంది. ఒక్క జౌలు కూడా మాయం కాలేదు. కానీ ఆ పలచటి వేడితో మళ్లీ ఫ్యాను తిప్పలేం. తరిగిపోయింది పనికొచ్చే గుణం. మామూలు మాటలో మనం దాన్నే ఎనర్జీ అనేస్తాం. దీన్ని నేను తప్పు అనను. కరెంటు బిల్లు కట్టేవాడికి కావలసిన అర్థం అదే.

ఇక పోల్చుకోవడం ఎలా అన్నారు కదా. థియరీ, ఎనర్జీల విషయంలో సందర్భమే చెప్పేస్తుంది. పక్కన కొలత గానీ ప్రయోగం గానీ ఉంటే సైన్స్ మాట, లేకపోతే మన మాట. సిగ్నిఫికెంట్ దగ్గర మాత్రం సందర్భం కూడా మోసం చేస్తుంది, ఎందుకంటే రెండు అర్థాలూ వచ్చేది అంకెల మధ్యే. నేను చేసే పని ఇది. ఆ మాటను మనసులో కొట్టేసి, దాని చోట “యాదృచ్ఛికం అనుకోవడం కష్టమైన” అని పెట్టి వాక్యాన్ని మళ్లీ చదువుతాను. “కొత్త మందుతో బీపీలో యాదృచ్ఛికం అనుకోవడం కష్టమైన తగ్గుదల కనిపించింది”. వెంటనే “సరే, ఎంత?” అనే ప్రశ్న దానంతట అదే వస్తుంది.

మీరు చూసిన పత్రాన్ని మళ్లీ తెరిచి, ఫలితాల పట్టికలో ఆ తేడా పక్కనున్న పరిధిని చూడండి. అది రోజుల్లోనో పాయింట్లలోనో శాతాల్లోనో ఉంటుంది. దాని రెండు చివర్లూ విడివిడిగా తీసుకోండి. చిన్న చివరే నిజమైతే ఈ మందు కోసం మీరు బిళ్లలు మింగుతారా? పెద్ద చివర నిజమైతే? రెండింటికీ మీ జవాబు “మింగను” అయితే, పత్రం ఏమన్నా సరే మీకు ఆ ఫలితం గణనీయం కాదు. రెండింటికీ “మింగుతాను” అయితే వార్త ఈసారి సరిగ్గానే రాసింది. ఒకదానికి అవును, ఇంకోదానికి కాదు అని వస్తే ఆ అధ్యయనం మీ ప్రశ్నను ఇంకా తేల్చలేదు, పెద్ద అధ్యయనం వచ్చేదాకా ఆగాలి. అంకె మీకు అర్థం కాని కొలతలో ఉంటే అది ఎంత ఉంటే రోగికి తేడా తెలుస్తుందో మీ డాక్టరును అడగండి. చాలా జబ్బులకు అలాంటి కనీస హద్దును ముందే అనుకుని ఉంచుతారు, మంచి పత్రాల్లో అయితే పద్ధతుల విభాగంలోనే, ఎంతమందిని ఎందుకు తీసుకున్నామో చెప్పే పేరాలో రాసి ఉంటుంది.